మెట్ల అద్దెనా, ఒకే అద్దెనా? ఐదేళ్ల లీజును నెల నెలా లెక్కేసుకున్న నా అనుభవం

రెండేళ్ల కిందట నేనూ నా స్నేహితుడూ కలిసి బైండింగ్ పనికి ఒక వర్క్‌షాప్ లీజుకు తీసుకున్నాం. అప్పటిదాకా ఇంట్లో ఒక గదిలోనే నెట్టుకొచ్చాం గానీ, అప్పు చేసి పెద్ద కటింగ్ మెషీన్ కొన్నాక ఆ గది సరిపోలేదు. చూసిన స్థలం నచ్చింది, వెలుతురు బాగుంది, నేల గట్టిది. ఓనరు గారి మాట కూడా సూటిగా ఉంది. ఐదేళ్ల లీజు, అద్దె రెండు రకాల్లో ఏదైనా సరే, మీ ఇష్టం అన్నారు. మొదటిది, ఐదేళ్లూ ఒకే అద్దె, నెలకు 1,200. రెండోది మెట్ల అద్దె, అంటే మొదటి ఏడాది నెలకు 1,000, ఆ తర్వాత ఏటా పది శాతం పెంపు. (లెక్కకు వీలుగా ఉండాలని అంకెలను గుండ్రం చేసి చెబుతున్నాను. ఏ డబ్బు అనుకున్నా లెక్క ఒకటే.)

ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నా అభిప్రాయం నాలుగు సార్లు మారింది. మారిన ప్రతిసారీ దాని వెనక ఒక కొత్త ప్రశ్న ఉంది, అందుకే ఆ ప్రశ్నలు వచ్చిన వరుసలోనే రాస్తున్నాను.

నా స్నేహితుడిది మొదటి రోజు నుంచీ ఒకటే మాట. "నెలకు రెండు వందలు తక్కువ కదరా, మొదటి ఏడాదే మనకు కష్టం, మెషీన్ కిస్తీ కూడా కట్టాలి" అన్నాడు. అందులో తప్పేమీ లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి ఏడాది చేతిలో ఉండే డబ్బు చాలా ముఖ్యం. కానీ మొదటి నెల అద్దె చూసి ఐదేళ్ల నిర్ణయం తీసుకోకూడదని నాకు అనిపించింది, అందుకని ఒక కాగితం తీసి ఐదేళ్ల మొత్తం కూడి చూశాను. 1,000, 1,100, 1,200, 1,300, 1,400. మధ్యలో ఉన్నది సరిగ్గా 1,200. అంటే సగటు 1,200, ఐదేళ్లకు 72,000. ఒకే అద్దె అయినా 1,200 చొప్పున 60 నెలలకు 72,000. రెండూ సమానం! మొత్తం సమానమైనప్పుడు మొదట తక్కువ కట్టి తర్వాత ఎక్కువ కట్టడమే మేలు కదా, ఇంకేం ఆలోచన, మెట్ల అద్దెకే సరే అందాం అనుకున్నాం.

ఆ సాయంత్రం మా పిన్నికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. పిన్ని చాలా ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైంది. అంతా విని ఒక్కటే అడిగింది: "ఒరేయ్, పది శాతం అన్నారు సరే, దేని మీద పది శాతం?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "బారువడ్డీ లెక్కా, చక్రవడ్డీ లెక్కా అని అడుగుతున్నాను" అంది. అప్పుడు వెలిగింది. నేను ప్రతి ఏడాదీ మొదటి అద్దె 1,000 మీదే పది శాతం, అంటే వంద చొప్పున కలుపుకుంటూ పోయాను, అది బారువడ్డీ. అలా కాక, ఆ ఏడాది కడుతున్న అద్దె మీద పది శాతం అయితే వరుస మారిపోతుంది: 1,000, 1,100, 1,210, 1,331, 1,464.10. చూడటానికి తేడా చిన్నదే, మూడో ఏడాది నెలకు పది, నాలుగో ఏడాది 31, ఐదో ఏడాది 64 చిల్లర. కానీ వాటిని పన్నెండేసి నెలలకు కూడితే 120, 372, 769.20. అన్నీ కలిపి 1,261.20. అంటే మొత్తం 72,000 కాదు, 73,261.20. ఒక నెల అద్దె కంటే ఎక్కువే, మాటల్లో ఎక్కడా కనిపించకుండా.

దీన్ని తేల్చుకోవడానికి పిన్ని చెప్పిన పద్ధతి నాకు చాలా నచ్చింది. శాతం గురించి వాదన పెట్టుకోవద్దు, "మూడో ఏడాది అద్దె ఎంత అవుతుందండీ?" అని అడుగు, అంకె చెప్పమను అంది. రెండో ఏడాది అద్దె అడిగితే లాభం లేదు, ఏ లెక్కలోనైనా అది 1,100 మాత్రమే. రెండు లెక్కలూ విడిపోయేది మూడో ఏడాదిలోనే. మర్నాడు ఓనరు గారిని అదే అడిగాను. ఆయన ఫోన్‌లో లెక్క చూసుకుని "1,210" అన్నారు. దాపరికం ఏమీ లేదు, ఆయన మనసులో మొదటి నుంచీ చక్రవడ్డీ లెక్కే ఉంది, నా మనసులో బారువడ్డీ ఉంది, ఇద్దరం "ఏటా పది శాతం" అనే ఒకే మాట అనుకున్నాం. అగ్రిమెంటు ముసాయిదా వచ్చాక చూస్తే అందులో "అప్పటికి చెల్లిస్తున్న నెలసరి అద్దెపై" అని స్పష్టంగానే ఉంది.

అలా నా అభిప్రాయం మారింది. మొత్తం చూస్తే ఒకే అద్దె 1,261.20 తక్కువ. సగటున చూస్తే మెట్ల అద్దె నెలకు 1,221.02 పడుతుంది, ఒకే అద్దె 1,200. అయితే ఒకే అద్దె తీసుకుందాం అన్నాను. నా స్నేహితుడు ఒప్పుకోలేదు. "ఐదేళ్ల చివర ఎంతవుతుందో చెప్పావు సరే, ఐదేళ్లూ ఉంటామని ఎవరు చెప్పారు?" అన్నాడు. అది నిజంగా మంచి ప్రశ్న. దానికి జవాబు కాగితం మీద రాదు, నెల నెలా వేసుకోవాలి.

స్ప్రెడ్‌షీట్ తెరిచి 60 వరుసలు పెట్టాను. మొదటి నిలువు వరుసలో నెల సంఖ్య, తర్వాత ఒకే అద్దె, తర్వాత మెట్ల అద్దె, తర్వాత ఆ నెల తేడా, చివర మొదటి నెల నుంచి ఆ నెల వరకు తేడాల మొత్తం. మొదటి వరుసలో శీర్షికలుంటాయి కాబట్టి రెండో వరుస నుంచి ఇలా:

```
A2: 1
B2: =1200
C2: =1000*1.1^INT((A2-1)/12)
D2: =B2-C2
E2: =SUM(D$2:D2)
```

A3లో `=A2+1` అని ఇచ్చి, అన్నిటినీ 61వ వరుస వరకు కిందికి లాగితే సరిపోతుంది. ఐదో నిలువు వరుస, ఆ నడుస్తున్న మొత్తం, దాని కోసమే ఇదంతా. అది ప్లస్‌లో ఉన్నంతకాలం మెట్ల అద్దెలో ఉన్నవాడు ఇప్పటిదాకా తక్కువ కట్టాడని అర్థం.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, అది చాలామంది చేయగలిగేదే కాబట్టి చెప్పాలి. మొదట `INT(A2/12)` అని రాశాను, ఒకటి తీసేయడం మరిచిపోయాను. దాంతో పెంపు 13వ నెలలో కాకుండా 12వ నెలలోనే వచ్చేసింది. తర్వాతి పెంపులు కూడా ఒక్కో నెల ముందుకు జరిగాయి, 60వ నెలలో అసలు రావలసిన అవసరం లేని ఐదో పెంపు కూడా వచ్చి కూర్చుంది. మొత్తం 610.51 ఎక్కువ చూపించింది. చేత్తో కూడిన 73,261.20కి, షీటులో వచ్చిన దానికి సరిపోలకపోవడంతో దొరికింది. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి తేలికైన దారి, ఒక్కో అద్దె ఎన్ని వరుసల్లో ఉందో లెక్కపెట్టడం. ప్రతి మెట్టూ సరిగ్గా పన్నెండు వరుసలు ఉండాలి, 1,000 పదకొండు సార్లే కనిపిస్తే ఎక్కడో జారింది అని. ఈ 610.51 అంకెను గుర్తుపెట్టుకోండి, దాంతో మళ్లీ పని పడింది.

షీటు సరైన తర్వాత ఏడాది చివరల్లో నడుస్తున్న మొత్తం ఇలా ఉంది.

| ఎన్ని నెలలకు | ఒకే అద్దె మొత్తం | మెట్ల అద్దె మొత్తం | మెట్ల అద్దెలో ఆదా |
|---|---|---|---|
| 12 | 14,400 | 12,000 | 2,400 |
| 24 | 28,800 | 25,200 | 3,600 |
| 36 | 43,200 | 39,720 | 3,480 |
| 48 | 57,600 | 55,692 | 1,908 |
| 60 | 72,000 | 73,261.20 | −1,261.20 |

దీన్ని చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను, ఎందుకంటే ఇందులో రెండు వేరు వేరు "మారే చోట్లు" ఉన్నాయి, నేను అప్పటిదాకా వాటిని ఒకటే అనుకున్నాను. మెట్ల అద్దె నెలసరి అంకె 25వ నెలలోనే 1,200 దాటుతుంది, 1,210 అవుతుంది. చాలామంది అక్కడే "రెండేళ్ల తర్వాత నష్టం" అనేస్తారు. నిజానికి అక్కడ నష్టం మొదలవదు, అప్పటిదాకా మిగిలిన 3,600 కరగడం మొదలవుతుంది అంతే, అది కూడా మూడో ఏడాదంతా కలిపి 120 మాత్రమే. అసలు కరిగేది చివర్లోనే. ఐదో ఏడాదిలో నెలకు 264.10 చొప్పున పోతుంది, ఏడో నెల వరకు ఇంకా కాస్త మిగులు ఉంటుంది, ఎనిమిదో నెలలో, అంటే లీజు మొత్తంలో 56వ నెలలో అది మైనస్‌లోకి వెళుతుంది. 55 నెలల లోపు ఎప్పుడు ఖాళీ చేసినా మెట్ల అద్దెవాడే మొత్తం మీద తక్కువ కట్టినట్టు. మూడేళ్లకే వెళ్లిపోతే 3,480 మిగులు.

కాబట్టి "మొత్తం ఎంత" అనే ప్రశ్నకు "ఎన్ని నెలలకు" అనే తోక లేకపోతే అర్థం లేదు. మా లీజులో లాక్-ఇన్ మూడేళ్లు, ఆ తర్వాత మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. అంటే మేం ఉండే కాలం 36 నెలల నుంచి 60 నెలల మధ్య ఏదైనా కావచ్చు, ఆ మధ్యలో చాలా భాగం మెట్ల అద్దె వైపే ఉంది. అదే లాక్-ఇన్ ఐదేళ్లు ఉండి, మధ్యలో వెళ్లినా మిగతా అద్దె కట్టాలి అన్నట్టయితే ఈ వాదన అంతా పోతుంది, అప్పుడు 60వ నెల వరుస ఒక్కటే చూడాలి. లీజులో ఈ ఒక్క నిబంధన చూడకుండా షీటులో ఏ వరుస మనదో చెప్పలేం.

అభిప్రాయం మళ్లీ మెట్ల అద్దె వైపు వచ్చింది. దానికి తోడు మా మెషీన్ అప్పు సంగతి. ఈ భాగం కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే నాకు అర్థమవడానికి కూడా పిన్ని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మొదటి ఏడాది నెలకు 200, రెండో ఏడాది నెలకు 100 మన చేతిలో మిగులుతాయి. తర్వాతి మూడేళ్లలో వాటిని, ఇంకాస్త కలిపి, తిరిగి ఇచ్చేస్తాం. ఇప్పుడు తీసుకుని తర్వాత ఎక్కువ ఇవ్వడాన్ని ఏమంటారు? అప్పు అంటారు. మెట్ల అద్దె అంటే ఓనరు దగ్గర వాయిదాల మీద అప్పు తీసుకోవడమే, దానికీ ఒక వడ్డీ రేటు ఉంటుంది, కాకపోతే కాగితం మీద రాసి ఉండదు. ఆ రేటు బయటకు తీయాలంటే ఏడాదివారీ తేడాలు ఐదు గళ్లలో పెట్టాలి: 2400, 1200, -120, -1572, -3169.20. వాటి కింద

```
=IRR(G2:G6)
```

అని ఇస్తే 9.5 శాతం చిల్లర వస్తుంది. అదీ ఓనరు గారి అప్పు ధర. మా మెషీన్ అప్పు 12 శాతం, ముందుగా అసలు కట్టేసినా జరిమానా లేదు. అంటే 9.5 శాతానికి తీసుకుని 12 శాతం అప్పు తీర్చుకోవచ్చు. ఐదేళ్ల మొత్తంలో 1,261 ఎక్కువ కట్టినా, ఆ మిగిలిన డబ్బు నెల నెలా నిజంగా అప్పు తీర్చడానికే పోతే మాకు లాభమే. ఎంత లాభం? 12 శాతంతో ఆ ఐదు తేడాలనూ ఇవాల్టి విలువకు తెచ్చి కూడితే దాదాపు 217 మాత్రమే. అప్పేమీ లేకుండా, ఊరికే బ్యాంకులో ఐదారు శాతానికి డబ్బు పెట్టుకునేవాళ్లకైతే ఇదే లెక్క తిరగబడుతుంది, వాళ్లకు ఐదేళ్లూ ఉండే ఉద్దేశం ఉంటే ఒకే అద్దె మేలు. లెక్క ఒకటే, జవాబు మాత్రం ఎవరి డబ్బు ఏ ధరకు వచ్చిందో దాన్ని బట్టి మారుతుంది. ఈ సంగతి తెలియకే ఇద్దరు మనుషులు ఒకే లీజు మీద ఎదురెదురు సలహాలిస్తుంటారని నాకు అనిపిస్తుంది, ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు.

సంతకాలకు ముందు ముసాయిదాను వరుస వరుసా చదువుతున్నప్పుడు పెంపు తేదీ దగ్గర ఆగాను. పెంపు "ఒప్పందం తేదీ నుంచి ప్రతి పన్నెండు నెలలకు" అని ఉంది. అద్దె మాత్రం తాళాలు ఇచ్చిన రోజు నుంచి మొదలు, 60 నెలల గడువు కూడా అక్కడి నుంచే. పాత అద్దెదారు ఖాళీ చేయడానికి సంతకం తర్వాత ఇంకో నెల పడుతుందని మాకు ముందే చెప్పారు. అంటే మేం 1,000 కట్టేది పదకొండు నెలలే, పన్నెండో నెలకే 1,100. చివరి నెలకు ఐదో పెంపు కూడా వచ్చి 1,610.51 అవుతుంది. తేడా ఎంత? అదే 610.51. ఫార్ములాలో నేను పొరపాటున రాసిందే, ఇక్కడ అగ్రిమెంటులో నిజంగా ఉంది! షీటులో ఆ తప్పు చేసి ఉండకపోతే ఈ వాక్యం నా కంట పడేది కాదని గట్టిగా నమ్ముతున్నాను. ఓనరు గారికి చూపిస్తే ఆయన కూడా ఆశ్చర్యపోయారు, పాత అగ్రిమెంటు నుంచి తీసుకున్న వాక్యమట. "అద్దె మొదలైన తేదీ నుంచి" అని మార్చడానికి ఒప్పుకున్నారు.

అన్నీ సర్దుకున్నాయి, మెట్ల అద్దెకే సంతకం పెట్టేద్దాం అనుకుంటుండగా, చివరి పేజీలో రెన్యువల్ నిబంధన చదివాను. దీన్ని నేను అప్పటికే ఒకసారి చదివాను, పట్టించుకోలేదు. రెండు ముసాయిదాల్లోనూ, ఒకే అద్దె దాంట్లోనూ మెట్ల అద్దె దాంట్లోనూ, అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం: గడువు ముగిశాక మరో ఐదేళ్లు ఇదే పద్ధతిలో పొడిగించుకోవచ్చు, మొదటి అద్దె అప్పటి చివరి నెల అద్దెపై పది శాతం పెంచి.

వాక్యం ఒకటే. చివరి నెల అద్దె మాత్రం ఒకటి కాదు. ఒకే అద్దెలో చివరి నెల 1,200, పది శాతం కలిపితే 1,320. మెట్ల అద్దెలో చివరి నెల 1,464.10, పది శాతం కలిపితే 1,610.51. ఆరో ఏడాది మొదటి నెలలోనే 290.51 తేడా, ఆ ఒక్క ఏడాదికే 3,486. అంతవరకు మేం రెండు వారాలుగా తలలు బద్దలు కొట్టుకున్నది 1,261 గురించి, 217 గురించి. అక్కడితో ఆగదు, "ఇదే పద్ధతిలో" అన్నారు కాబట్టి ఆ 1,610.51 మళ్లీ ఏటా పది శాతం చొప్పున మెట్లెక్కుతుంది, 1,320 మాత్రం ఐదేళ్లు అక్కడే ఉంటుంది. షీటును 120 వరుసలకు లాగి, 61వ నెల నుంచి ఒకే అద్దెను 1,320 చేశాను. పదేళ్లకు ఒకే అద్దె మొత్తం 1,51,200. మెట్ల అద్దె మొత్తం 1,91,249. తేడా నలభై వేలు.

ఆ అంకె చూశాక స్నేహితుణ్ని పిలిచి చూపించాను, వాడు రెండుసార్లు ఫార్ములా చూశాడు. తప్పేమీ లేదు. పది శాతం చక్రవడ్డీ లెక్కన ఏ అద్దె అయినా తొమ్మిదో ఏడాదిలో రెట్టింపు దాటుతుంది, మొదటి ఐదేళ్లలో అది పెద్దగా కనిపించదు.

ఇక్కడ ఒక పరిమితి కూడా ఒప్పుకోవాలి. పదేళ్ల లెక్కను ఐదేళ్ల లెక్కంత గట్టిగా నమ్మకూడదు. ఆరో ఏడాదికి చుట్టుపక్కల అద్దెలు ఎలా ఉంటాయో ఎవరికీ తెలియదు. 1,610 మరీ ఎక్కువ అనిపిస్తే వేరే చోటుకు వెళ్లిపోవచ్చు, పొడిగించుకునే హక్కే తప్ప బాధ్యత కాదు అది. కానీ మా పరిస్థితి వేరు. ఆ కటింగ్ మెషీన్‌ను విప్పి, మోసి, ఇంకో చోట నేల సరిచేసి బిగించడానికి అయ్యే ఖర్చు మాకు తెలుసు, ఒకసారి చేశాం. అది నాలుగైదు నెలల అద్దె. కదలడం కష్టమైనవాడి చేతిలో "వెళ్లిపోతాను" అనే మాటకు బలం తక్కువ, ఆ సంగతి ఓనరుకూ తెలుస్తుంది. ఒక బల్ల, నాలుగు కుర్చీలతో పని నడిచేవాళ్లయితే ఈ రెన్యువల్ అంకెను అంతగా పట్టించుకోనక్కర్లేదు, మూడేళ్లకో నాలుగేళ్లకో లేచిపోవచ్చు, వాళ్లకు మెట్ల అద్దె నిజంగానే మంచిది.

మా ముసాయిదాలో అద్దెకు ముడిపడిన ఇంకో రెండు చిన్న విషయాలున్నాయి. డిపాజిట్ ఆరు నెలల అద్దె, అయితే ఏ ఏడాది అద్దె ప్రకారం అనేది రాయలేదు. అద్దె పెరిగినప్పుడల్లా డిపాజిట్ కూడా పెంచమంటే ఆ డబ్బు అంతకాలం ఇరుక్కుపోతుంది. నిర్వహణ ఖర్చు అద్దెలో ఇంత శాతం అని ఉంది, అంటే అద్దె మెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. షీటులో ఆ శాతాన్ని ఇంకో నిలువు వరుసగా పెడితే సరి.

చివరికి ఒకే అద్దె తీసుకున్నాం. ఓనరు గారికి కారణం దాచకుండా చెప్పాను, షీటు కూడా చూపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఐదేళ్లు ఒక్క పైసా పెంచకుండా ఇచ్చి, ఆరో ఏడాదికి పది శాతమే పెంచితే నాకు గిట్టదండీ" అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే అది న్యాయమే, ఐదేళ్లలో ఆయనకూ ఖర్చులు పెరుగుతాయి. పదిహేను శాతం దగ్గర కుదిరింది, అంటే రెన్యువల్‌లో 1,380. పదేళ్ల మొత్తం 1,54,800 అయింది, అయినా మెట్ల అద్దెకు చాలా దూరంలో ఉంది. అగ్రిమెంటులో శాతాలతో పాటు అంకెలూ రాయించాం, "నెలకు 1,200" అని, "పొడిగిస్తే నెలకు 1,380" అని.

సామాను సర్దుకోవడానికి ఒక నెల అద్దె లేకుండా అడిగాం, సరే అన్నారు. అప్పటికి మాకు అలవాటైపోయింది కాబట్టి ఆ నెల 60 నెలల లోపలిదా, బయటిదా అని అడిగాం. లోపలిదైతే 59 నెలలకే కడతాం, 1,200 మిగులుతుంది. బయటిదన్నారు ఆయన, లీజు 61 నెలలు, కట్టేది 60. మొత్తం అదే 72,000, కాకపోతే ఒక నెల ఎక్కువ ఉంటాం, సగటు 1,180 చిల్లరకు దిగుతుంది. ఉచితం అన్న మాట ఒకటే అయినా రెండిట్లో మిగిలేది వేరు. మాకు ఆ మొదటి నెలలో ఊపిరి ఆడటమే కావాలి గనుక ఒప్పుకున్నాం.

మొదటి ఏడాది కష్టంగానే గడిచింది. స్నేహితుడు భయపడ్డట్టే నెలకు ఆ రెండు వందలు చాలాసార్లు గుర్తొచ్చాయి, రెండు నెలలు కిస్తీ కట్టే ముందు టెన్షన్ పడ్డాం. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అద్దె కట్టిన ప్రతి నెలా ఆ వరుసకు రంగు వేస్తాను. మొన్న 19వ నెల వరుసకు వేశాను. ఐదో నిలువు వరుసలో 3,100 ఉంది, మెట్ల అద్దె తీసుకుని ఉంటే ఇప్పటిదాకా అంత తక్కువ కట్టి ఉండేవాళ్లం. ఇంకో ఐదు నెలలు అది నూరేసి పెరిగి 3,600 దాకా వెళుతుంది, 25వ నెలలో మొదటిసారి పది తగ్గుతుంది.